తాళపత్రాలకు తాళం పడితే

పీహెచ్‌డీ చేసేవాళ్లు గైడుకు రాసే ఉత్తరాల్లో సగానికి సగం గడువు కోసమే ఉంటాయి. జ్వరమొచ్చింది, పెళ్లి కుదిరింది, ఊళ్లో నాన్నగారికి బాగోలేదు. కారణం ఏదైనా ఇంకో రెండు నెలలు కావాలన్నది సారాంశం. గైడు చదివి సరేనంటారు, లేదంటే నాలుగు చీవాట్లు పెట్టి సరేనంటారు. పాత రాతప్రతుల మీద పనిచేసేవాళ్ల సంగతి వేరు. వాళ్ల మూడేళ్ల పని ఏదో ఊళ్లో, ఏదో బీరువాలో, నూలుతాడుతో చుట్టిన ఒక తాటాకుల కట్ట మీద ఆధారపడి ఉంటుంది. ఒక ఉదయం ఆ గది తలుపు మీద ‘తదుపరి ఉత్తర్వులు వచ్చేవరకు పాఠకులకు ప్రవేశం లేదు’ అన్న కాగితం కనబడితే ఆ పని అక్కడితో ఆగిపోతుంది. అప్పుడు గైడుకు రాయాల్సిన ఉత్తరం మామూలు సెలవు చీటీలా ఉంటే సరిపోదు.

రాతప్రతుల భాండాగారాలు ఉన్నట్టుండి మూతపడటానికి కారణాలు చాలా సాదా సీదావి. వానకు పైకప్పు కారుతుంది, పాత వైరింగు కాలుతుంది, పురుగు పడుతుంది, లేదా భవనం ఖాళీ చేయమని ఉత్తర్వు వస్తుంది. వీటిలో అందరూ తక్కువ అంచనా వేసేది వాన. కప్పుకు మరమ్మతు చేయడం వారం పది రోజుల పని. కానీ తేమ తగిలిన తాటాకులు ఒకదానికొకటి అంటుకుంటాయి, బూజు పడతాయి. వాటిని ఎండలో పెట్టకూడదు, పెడితే వంకర్లు తిరిగి పెళుసెక్కి విరుగుతాయి. నీడన, గాలి ఆడేచోట, నెమ్మదిగా ఆరనివ్వాలి. తడవని కట్టలను కూడా ఒక్కొక్కటే విప్పి చూసి, నంబరు సరిచూసి, మళ్లీ కట్టి పెట్టాలి. అందుకే తాపీ మేస్త్రీ వెళ్లిపోయిన తరువాత కూడా తలుపు నెలల తరబడి తెరుచుకోకపోవచ్చు. విద్యార్థి క్యూరేటరును ‘ఎప్పుడు తెరుస్తారు’ అని అడిగితే ‘చెప్పలేం’ అన్న జవాబే వస్తుంది, అది నిజం కూడా. ‘ఫలానా నంబరు కట్ట తడిసిందా, దాన్ని వేరే చోటికి మార్చారా, దాని ఫిల్ముగానీ స్కానుగానీ ఉందా’ అని అడిగితే మాత్రం పనికొచ్చే జవాబు రావచ్చు. ఉత్తరంలో వేసుకోవడానికి పనికొచ్చేది ఆ రెండో జవాబే.

తలుపు తెరిచే ఉండి పుస్తకం మాత్రం అందకపోవడం ఇంకో రకం మూత. 2023 అక్టోబరు 28న లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగింది. రైసిడా అనే ముఠా కంప్యూటర్లను స్తంభింపజేసి డబ్బు అడిగింది. లైబ్రరీ ఇవ్వలేదు. దొంగిలించిన సమాచారం, సుమారు 600 గిగాబైట్లు, ఇంటర్నెట్‌లో బయటపడింది. చదువుకునే గదులు తెరిచే ఉన్నాయి, కుర్చీలు బల్లలు ఉన్నాయి. కానీ కేటలాగు పనిచేయదు, పుస్తకం తెప్పించుకునే వ్యవస్థ పనిచేయదు, డిజిటల్‌గా మార్చిన రాతప్రతులు తెర మీదికి రావు. బ్రిటన్ పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలను వెతుక్కునే ఈథాస్ అనే సేవ కూడా ఆగిపోయింది. ప్రధాన కేటలాగులో వెతుక్కునే వీలు తిరిగి వచ్చింది 2024 జనవరి 15న. మిగతావి తిరిగి రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. ఈస్టిండియా కంపెనీ, ఇండియా ఆఫీసుల కాగితాలూ, కల్నల్ మెకంజీ సేకరణలో కొంత భాగమూ ఉన్నది అక్కడే కాబట్టి, తెలుగు నేల చరిత్ర రాసేవాళ్లకూ ఆ దెబ్బ తగిలింది. ‘లైబ్రరీ తెరిచే ఉందిగా’ అని అడిగే కమిటీ సభ్యుడికి ఈ తేడా విడమరిచి చెప్పాల్సిన బాధ్యత విద్యార్థిదే.

ఇప్పుడు ఒక ఉదాహరణ అనుకుందాం. ఒక అమ్మాయి తెలుగు శాఖలో పరిశోధన చేస్తోంది. విషయం ఇంతవరకూ అచ్చు కాని ఒక యక్షగానానికి పాఠ పరిష్కరణ. అంటే దొరికిన ప్రతులన్నిటినీ పక్కపక్కన పెట్టుకుని, మాట మాటా సరిచూసి, కవి రాసినదానికి వీలైనంత దగ్గరగా ఉండే పాఠాన్ని నిర్ణయించి, తేడాలన్నిటినీ అడుగున పాఠాంతరాలుగా చూపడం. ఆ యక్షగానానికి నాలుగు ప్రతులు దొరికాయి. పరిష్కర్తల అలవాటు ప్రకారం వాటికి క, ఖ, గ, ఘ అని గుర్తులు పెట్టుకుంది. క తాటాకు ప్రతి, 84 ఆకులు. ఖ కాగితం మీద రాసిన నకలు. గ మరో తాటాకు ప్రతి, 92 ఆకులు. ఘ ఒక కుటుంబం ఇంట్లో దొరికిన తునక, మొదటి 20 ఆకులే మిగిలాయి. క, ఖ, ఘల పని పూర్తయింది. గ ప్రతిలో 38 ఆకులు చూసేసరికి భాండాగారం మూతపడింది.

నాలుగింటిలో మూడు చూశావు కదా, నాలుగోదాంట్లో కూడా కొంత అయింది కదా, దాంతో సరిపెట్టుకో అని ఎవరైనా అనొచ్చు. పైకి సబబుగానే కనిపించే మాట. ఇక్కడే అసలు మెలిక ఉంది. క ప్రతిలో కొన్ని ఆకుల అంచులు విరిగి అక్షరాలు పోయాయి. ఖ ప్రతి రాసిన లేఖకుడు సరిగ్గా అవే చోట్ల చుక్కలు పెట్టి ఖాళీ వదిలాడు. పైగా క లోని తప్పులన్నీ ఖ లోనూ ఉన్నాయి. అంటే క ప్రతి అప్పటికే విరిగి ఉండగా, దాన్ని ముందు పెట్టుకుని ఖ రాశారన్నమాట. చూడటానికి రెండు ప్రతులే కానీ సాక్ష్యం ఒక్కటే. ఘ మొదటి భాగంతోనే ఆగిపోతుంది. కాబట్టి కావ్యంలో తక్కిన భాగమంతటికీ క చెప్పింది నిజమో కాదో తేల్చగలిగేది గ ఒక్కటే. క లో గ్రంథపాతం ఉన్నచోట పోయిన అక్షరాలు ఇంకెక్కడైనా మిగిలి ఉంటే అవీ గ లోనే ఉంటాయి.

ఈ నాలుగు వాక్యాలే ఆమె ఉత్తరానికి ప్రాణం. ఆశ్చర్యమేమిటంటే ఇలాంటి సందర్భాల్లో రాసే ఉత్తరాల్లో సాధారణంగా కనిపించనివీ అవే. ‘అనివార్య కారణాల వల్ల’, ‘నా అదుపులో లేని పరిస్థితుల్లో’, ‘దయతలచి మూడు నెలలు’ లాంటి మాటలతో పేజీ నిండిపోతుంది. ఆ విద్యార్థిని మొదటిసారి రాసుకున్న చిత్తుప్రతి కూడా అలాగే ఉందనుకుందాం. భాండాగారం మూసేశారు, చాలా ఆందోళనగా ఉంది, తెరిచేవరకు గడువు ఇప్పించండి. ఇందులో అబద్ధం ఏమీ లేదు. అయినా దీన్ని పట్టుకుని గైడు ఏమీ చేయలేరు.

ఎందుకంటే గైడు ఈ ఉత్తరానికి మొదటి పాఠకుడే కానీ చివరి పాఠకుడు కాదు. 2022 నాటి యూజీసీ పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం ప్రతి పరిశోధక విద్యార్థికీ ఒక రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ఉంటుంది. విద్యార్థి ప్రతి సెమిస్టరులో దాని ముందు హాజరై ఎంతవరకు వచ్చిందో చెప్పాలి. గైడు ఆ కమిటీకి కన్వీనర్. అంటే ఉత్తరం చదివి జాలిపడటంతో ఆయన పని తీరదు, మిగతా సభ్యుల ముందు దాన్ని సమర్థించాలి. వాళ్లలో తాటాకు ముట్టుకోనివాళ్లు ఉండొచ్చు. వాళ్లు అడగబోయే ప్రశ్నలకు జవాబులు ఆ కాగితంలోనే ఉంటే గైడు పని సులువు. లేకపోతే ఆయన ఎంత మంచివాడైనా ‘పాపం, కష్టపడుతోంది’ అనడం తప్ప గత్యంతరం లేదు.

గడువుల్లోనూ రకాలున్నాయి. అధ్యాయం ఫలానా తేదీకి ఇస్తానన్నది గైడుతోనూ కమిటీతోనూ చేసుకున్న ఒప్పందం, దాన్ని వాళ్లే మార్చగలరు. సిద్ధాంత గ్రంథం మొత్తం సమర్పించే గడువు అలా కాదు. ప్రవేశం పొందిన నాటి నుంచి ఆరేళ్లు, రీరిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు. మహిళలకు, 40 శాతానికి మించిన వైకల్యం ఉన్నవారికి ఇంకో రెండేళ్లు అదనం, మొత్తం మీద పదేళ్లు మించకూడదు. అది యూనివర్సిటీ ఉత్తర్వుతో జరిగేది, గైడు సంతకంతో అయిపోయేది కాదు. కోవిడ్ కాలంలో లైబ్రరీలన్నీ ఒకేసారి మూతపడ్డప్పుడు సమర్పణకు ఆరు నెలల పొడిగింపును యూజీసీయే ప్రకటించింది, తరువాత దాన్ని మళ్లీ మళ్లీ పెంచింది కూడా. ఒక్క భాండాగారం మూతపడితే అలాంటి సర్క్యులర్ రాదు. ఫెలోషిప్ డబ్బు లెక్క మరొకటి. జేఆర్‌ఎఫ్, ఎస్‌ఆర్‌ఎఫ్ కలిపి ఐదేళ్లే. రిజిస్ట్రేషన్ పొడిగినంత మాత్రాన నెలనెలా వచ్చే డబ్బు పొడిగిపోదు. కాబట్టి ఏ గడువు కదపమంటున్నామో ఉత్తరం మొదటి వాక్యంలోనే తేలిపోవాలి.

మన విద్యార్థిని అడగాల్సింది అధ్యాయం గడువు. అడిగే ముందు ఆమె ఒక పని చేసింది. గ ప్రతికి ఎప్పుడో తీసిన మైక్రోఫిల్ము స్కాను శాఖ లైబ్రరీలో ఉందని తెలిసి, మిగిలిన 54 ఆకులనూ అందులో తెరిచి చూసింది. 31 ఆకులు చదవడానికి వీలుగా ఉన్నాయి. 61 నుంచి 83 దాకా ఉన్న 23 ఆకులు మాత్రం దాదాపు తెల్లగా కనిపిస్తున్నాయి. దీనికి కారణం తాటాకు మీద రాసే పద్ధతిలోనే ఉంది. గంటంతో రాసేటప్పుడు అక్షరం సిరాతో పడదు, ఆకు మీద సన్నని గీతగా తెగుతుంది. తరువాత మసినూనెలాంటిది పూసి తుడిస్తే ఆ గీతల్లో నలుపు నిలిచి అక్షరం తేలుతుంది. 61వ ఆకు దగ్గర రాసిన చెయ్యి మారింది, ఆ రెండో లేఖకుడి ఆకులకు మసి పట్టించనే లేదు. అలాంటి ఆకును చేతిలోకి తీసుకుని కిటికీ వైపు ఏటవాలుగా తిప్పితే గీతల నీడలు పడి అక్షరాలు కనిపిస్తాయి. ఎదురుగా లైటు వేసి తీసిన ఫిల్ములో ఆ నీడ ఉండదు. డిజిటల్ కాపీ ఉంటే చాలదా అనే ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు లేదు. కొన్ని ఆకులకు చాలు, కొన్నిటికి చాలదు. ఏవి చాలవో నంబర్లతో చెప్పగలగాలి.

ఇప్పుడు ఆమె రెండోసారి రాసిన ఉత్తరం చూద్దాం.

‘గౌరవనీయులైన మాస్టారికి నమస్కారాలు.

మూడో అధ్యాయాన్ని సెప్టెంబరు 30 లోగా ఇస్తానని గత కమిటీ సమావేశంలో ఒప్పుకున్నాను. ఆ తేదీని కింద రాసిన విధంగా రెండు భాగాలుగా మార్చమని కోరుతున్నాను. మొత్తం సమర్పణ గడువు మార్చమని అడగడం లేదు.

గ ప్రతి ఉన్న భాండాగారాన్ని కప్పు కారుతున్నందున జులై 28న మూసేశారు. నోటీసు ఫొటో, క్యూరేటర్ గారు పంపిన ఈమెయిల్ జతపరిచాను. మనకు కావాల్సిన కట్ట తడవలేదని, కానీ కట్టలన్నీ తనిఖీ అయ్యేదాకా ఎవరికీ ఇవ్వబోమని రాశారు. తెరిచే తేదీ చెప్పలేదు.

ఈ ప్రతిని వదిలేయలేకపోవడానికి కారణం మీకు తెలిసిందే. కమిటీ కోసం రాస్తున్నాను. ఖ ప్రతి క నుంచి ఎత్తి రాసిన నకలు. ఘ 20 ఆకులతో ఆగిపోయింది. అక్కడి నుంచి క పాఠాన్ని సరిచూడటానికి గ తప్ప స్వతంత్రమైన ప్రతి లేదు. ఇందుకు ఆధారాలు రెండో అధ్యాయంలో చూపించాను.

గ ప్రతిలో 92 ఆకులకు 38 అయ్యాయి. మిగిలిన 54లో 31 మైక్రోఫిల్ము స్కానులో చదవగలుగుతున్నాను. రోజుకు రెండు ఆకుల చొప్పున సెప్టెంబరు మొదటి వారానికి పూర్తవుతాయి. 61 నుంచి 83 వరకు 23 ఆకులు ఫిల్ములో చదవడానికి వీలుకావడం లేదు. మచ్చుకు రెండు ఆకుల స్కాను జతపరిచాను. వీటికి మూల ప్రతి చూడాల్సిందే. అక్కడ నేను ఇదివరకు చూసిన వేగం రోజుకు మూడు ఆకులు. అంటే ఎనిమిది పనిదినాలు, ఫిల్ములో చదివినవాటిలో అనుమానం ఉన్నచోట్లు సరిచూడటానికి మరో నాలుగు. తరువాత పాఠాంతరాలు చేర్చి అధ్యాయం సవరించడానికి నాలుగు వారాలు.

కాబట్టి 69 ఆకుల వరకు చూసిన పాఠంతో అధ్యాయం మొదటి రూపాన్ని అనుకున్నట్టే సెప్టెంబరు 30న ఇస్తాను. పూర్తి రూపాన్ని భాండాగారం తెరిచిన నాటి నుంచి ఏడు వారాల్లో ఇస్తాను. డిసెంబరు 31 నాటికి కూడా తెరవకపోతే ఆ 23 ఆకులకు సంబంధించిన భాగాన్ని క పాఠం ఆధారంగానే ఇచ్చి, గ చూడలేదని ప్రతి పేజీలోనూ గుర్తు పెడతాను. మీరు వేరేగా చేయమంటే అలాగే చేస్తాను.

భవదీయురాలు’

ఇందులో ఆందోళనగా ఉందన్న మాట ఒక్కటీ లేదు. ఆ అమ్మాయికి ఆందోళన లేదని కాదు. ఆ మాట ఫోన్లో చెప్పుకోవచ్చు, గైడు గదికి వెళ్లి టీ తాగుతూ చెప్పుకోవచ్చు. ఫైల్లోకి వెళ్లే కాగితంలో మాత్రం జాగా తక్కువ.

‘తెరిచేవరకు గడువు కావాలి’ అని ఆమె అడగకపోవడమే ఈ ఉత్తరంలో అన్నిటికంటే గట్టి విషయమని నా అభిప్రాయం. తెరిచే తేదీ ఎవరికీ తెలియదు. అలాంటి తేదీకి గడువు ముడిపెట్టమంటే ఏ కమిటీ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. ఏడాదైనా తలుపు తెరుచుకోకపోతే అందరూ ఇరుక్కుంటారు. ఆమె తన చేతిలో లేనిదాన్నీ, ఉన్నదాన్నీ విడదీసింది. తెరవడం భాండాగారం పని, తెరిచాక ఏడు వారాలు తన పని. ఏ తేదీ దాటితే వేచిచూడటం మానేస్తుందో అదీ తానే చెప్పింది. అది చెప్పకపోతే మూడు నెలలకోసారి ఇదే ఉత్తరం మళ్లీ రాయాల్సి వస్తుంది, ప్రతిసారీ దాని విలువ కొంత తగ్గుతుంది.

ఇలాంటి లెక్కలో ఎక్కువమంది పొరబడేది వేగం దగ్గర. రోజుకు మూడు ఆకులంటే బయటివాళ్లకు బద్ధకంగా అనిపిస్తుంది. ఒక ఆకుకు రెండు వైపులా రాత, వైపుకు ఆరేడు పంక్తులు. మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు, పద్యం ఎక్కడ ఆగి వచనం ఎక్కడ మొదలైందో లేఖకుడు చెప్పడు, అరసున్న రాయడు. యతి ప్రాసలు పట్టుకుని విడగొట్టుకుంటూ పోవాలి. కట్ట బల్ల మీదికి వచ్చేసరికి పొద్దు బాగా ఎక్కుతుంది, మూసే వేళకు ముందే తిరిగి ఇచ్చేయాలి. కమిటీ మెప్పుకోసం రోజుకు పది ఆకులని రాసుకుంటే రెండో పొడిగింపు అడగడం ఖాయం. ఇదివరకు చూసిన 38 ఆకులకు నోటుపుస్తకంలో తేదీలు వేసుకుని ఉండటం వల్లే ఆమె తన వేగాన్ని ఊహించకుండా చెప్పగలిగింది. ఆ నోటుపుస్తకం పేజీలు కూడా జతపరిస్తే ఇంకా మంచిదే.

గైడు దీనికి ఒప్పుకుంటే ఆ మాట నోటితో ఆగిపోకూడదు. కమిటీ మినిట్స్‌లోకి ఎక్కాలి. అధ్యాయం రెండు విడతల్లో వస్తుందనీ, కారణం మూతపడిన భాండాగారమనీ, నోటీసు ఫైల్లో ఉందనీ రాసి సంతకాలు కావాలి. రేపు గైడు రిటైరైనా, వేరే యూనివర్సిటీకి వెళ్లినా కొత్తగా వచ్చినవారికి చూపించడానికి ఉండేది ఆ కాగితమే. ఆరేళ్ల గడువు దగ్గరపడి రీరిజిస్ట్రేషన్ అడగాల్సి వస్తే, ఆలస్యం ఎక్కడ మొదలైందో నిరూపించేదీ అదే. అప్పటికి తలుపు మీది కాగితం చిరిగిపోయి ఉంటుంది, క్యూరేటర్ మారిపోయి ఉంటారు. అందుకే నోటీసును తలుపుతో సహా, తేదీ కనిపించేలా, మొదటి రోజే ఫొటో తీసుకోవాలి.

ఇక డిసెంబరు 31 దాటినా తలుపు తెరవలేదనుకుందాం. అప్పుడు ఆ 23 ఆకుల మేర ఆమె ఇచ్చే పాఠం పరిష్కృత పాఠం కాదు, ఒక్క ప్రతిని నమ్మి ఇచ్చిన పాఠం. దాన్ని దాచకుండా చూపే పద్ధతులున్నాయి. పీఠికలో ప్రతుల వివరాలు ఇచ్చేచోట గ ప్రతి ఏయే ఆకులు మూలంలో చూసింది, ఏవి ఫిల్ములో చూసింది, ఏవి చూడలేదో విడివిడిగా రాయాలి. చూడని భాగంలో పాఠాంతరాలు లేని పేజీ కనబడితే, అక్కడ ప్రతుల మధ్య తేడాలే లేవని చదివేవాళ్లు అనుకుంటారు. అందుకే అలాంటి ప్రతి పేజీ అడుగునా ‘గ చూడలేదు’ అని ఉండాలి. క లో అక్షరాలు విరిగిపోయిన చోట తనకు తోచిన మాట పూరించాలన్న ఉబలాటాన్ని ఆపుకోవాలి, చుక్కలు చుక్కలుగానే వదలాలి. పరీక్షకులు దీన్ని లోపంగా చూస్తారేమోనన్న భయం విద్యార్థులకు సహజం. అనుభవమున్న పరీక్షకుడు మాత్రం చూడని ప్రతిని చూసినట్టు రాసినవాళ్లను ఒక్క ప్రశ్నతో పట్టేస్తాడు: ‘61వ ఆకు దగ్గర రాత మారిందంటారు కదా, ఏమిటా తేడా?’

భాండాగారం ఆ తరువాత ఎప్పుడు తెరిచినా ఆ ఆకుల పని పన్నెండు రోజులే. అప్పటికి పట్టా వచ్చేసినా, ఆ 23 ఆకుల పాఠాంతరాలను ఏదైనా పరిశోధన పత్రికలో అనుబంధంగా వేయవచ్చు.